కేస్ స్టడీ రిపోర్టు: టెంప్లేట్ ప్రకారమే రాశాను, అయినా "విశ్లేషణ ఎక్కడ?" అని తిప్పి పంపారు

నైట్‌షిఫ్ట్_ఎంబీఏ
ఉద్యోగం చేసుకుంటూ దూరవిద్యలో ఎంబీఏ చదువుతున్నాను. మార్కెటింగ్ పేపరుకు టాటా నానో మీద కేస్ స్టడీ రిపోర్టు ఇచ్చారు. టెంప్లేట్ వాళ్లదే: సారాంశం, నేపథ్యం, ప్రధాన సమస్య, విశ్లేషణ (స్వాట్ తప్పనిసరి), ప్రత్యామ్నాయాలు, సిఫార్సు, అమలు ప్రణాళిక, ముగింపు. 3000 పదాలు దాటకూడదు. ఒక్క శీర్షిక కూడా వదలకుండా రాసి పంపాను. "కథ బాగుంది. విశ్లేషణ ఎక్కడ?" అని ఒకే ఒక్క వాక్యం రాసి వెనక్కి పంపారు. మళ్లీ రాయడానికి పది రోజుల గడువు. విశ్లేషణ అని శీర్షిక పెట్టి దాని కింద రెండు పేజీలు రాస్తే, అది ఎక్కడ అంటే ఏం చెప్పాలి?

మార్కుల_మాధవ్
స్వాట్ ఒక్కటే పెట్టి ఉంటారు. దానికి తోడు పెస్టెల్, ఐదు శక్తుల నమూనా, నాలుగు పీల పట్టిక కూడా పెట్టండి. నేను ప్రతి రిపోర్టులో కనీసం మూడు నమూనాలు పెట్టేవాడిని, ఎప్పుడూ మార్కులు తగ్గలేదు.

గణాంక_గౌరి
మీ నమూనా పరిమాణం ఎంత? ప్రశ్నావళి ఎంతమందికి ఇచ్చారు? కేస్ స్టడీ పద్ధతిలో కనీసం రెండు మూడు ఆధారాలను ఒకదానితో ఒకటి సరిచూడాలి. అది లేకపోతే విశ్లేషణ లేదనే అంటారు.

నైట్‌షిఫ్ట్_ఎంబీఏ
@గణాంక_గౌరి ప్రశ్నావళి ఏమీ లేదండి. పన్నెండు పేజీల కేసు వాళ్లే ఇచ్చారు. చదివి రిపోర్టు రాయడమే మన పని.

గణాంక_గౌరి
ఓ, అది వేరే. నేను పరిశోధన పద్ధతి గురించి అనుకున్నాను. పేరు ఒకటే కావడంతో వచ్చిన తంటా. మా పీహెచ్‌డీ వాళ్లందరికీ ఉన్న జబ్బే ఇది.

ఎర్రసిరా
ఇలాంటి రిపోర్టులు దిద్దే పని చాలాకాలంగా చేస్తున్నాను. మీది చూడకుండానే ఒకటి రెండు సంగతులు అడుగుతాను. నేపథ్యానికి ఎన్ని పదాలు పట్టాయి? ప్రధాన సమస్య అన్న చోట ఏం రాశారు? ఆ వాక్యాన్ని ఉన్నది ఉన్నట్టు ఇక్కడ పెట్టండి.

నైట్‌షిఫ్ట్_ఎంబీఏ
నేపథ్యం 1400 పదాలు. స్కూటరు మీద తడుస్తూ వెళ్తున్న కుటుంబాన్ని రతన్ టాటా చూడటం, 2008 జనవరిలో ఢిల్లీ ఆటో ఎక్స్‌పోలో కారును చూపించడం, పశ్చిమ బెంగాల్‌లో ఫ్యాక్టరీ తలపెట్టిన సింగూరులో భూముల ఉద్యమం, అక్టోబరులో ఫ్యాక్టరీని గుజరాత్‌లోని సానంద్‌కు తరలించడం, 2009 బుకింగులు, ఆ తర్వాత మంటల సంఘటనలు, అన్నీ వరుసగా రాశాను. ప్రధాన సమస్య: "ఎన్నో ఆశలతో వచ్చిన నానో కారు అమ్మకాలు ఆశించిన స్థాయిలో లేకపోవడం."

కాఫీ_కప్పు
1400 పదాల నేపథ్యమా! అందులో సింగూరుకు ఎన్ని?

నైట్‌షిఫ్ట్_ఎంబీఏ
దాదాపు 600. ఆసక్తికరమైన భాగం అదే కదా.

ఎర్రసిరా
ఆసక్తికరమే, ఎవరూ కాదనరు. కానీ కేసు ఏ రోజు దగ్గర ఆగింది? చాలా కేసులు ఒకానొక తేదీ దగ్గర, ఒకరు ఏదో తేల్చుకోవాల్సిన చోట ఆగుతాయి. మీ పన్నెండు పేజీల చివరి పేరా ఒకసారి చూడండి.

నైట్‌షిఫ్ట్_ఎంబీఏ
2010 నవంబరులో 509 కార్లే అమ్ముడయ్యాయి, అదే ఏడాది జులైలో 9,000 అమ్మారు, ఇప్పుడు కంపెనీ ఏం చేయాలి అని యాజమాన్యం ఆలోచిస్తోంది. అక్కడితో ఆగింది.

ఎర్రసిరా
దొరికింది. అంటే మీ రిపోర్టు 2010 డిసెంబరు మొదట్లో టాటా మోటార్స్ బల్ల మీద ఉండాల్సిన కాగితం. దాన్ని చదివేవాళ్లకు సింగూరు కథ మీకన్నా బాగా తెలుసు. వాళ్లకు మీరు నేపథ్యంలో చెప్పాల్సింది, ఆ కథలో ఏ ముక్క ఈ రోజు నిర్ణయం మీద పని చేస్తోందన్నదే.

సింగూరులో అలాంటి ముక్క ఒకటుంది. ఫ్యాక్టరీ చోటు మారడంతో తొలి కార్లు పంత్‌నగర్‌లో పరిమితంగా తయారయ్యాయి. బుక్ చేసినవాళ్లు లాటరీలో పేరు వచ్చి, వంతు వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. ఏడాదికి రెండున్నర లక్షల కార్లు తయారుచేయగల సానంద్ ఫ్యాక్టరీ 2010 జూన్‌లో మొదలైంది. సరుకు చేతికి వచ్చేసరికి ఊపు తగ్గింది, అదే ఏడాది మంటల వార్తలు వచ్చాయి. ఇది రెండు మూడు వాక్యాల్లో అయిపోతుంది. మిగతా 500 పైచిలుకు పదాలు విశ్లేషణకు మిగులుతాయి.

ఇక సమస్య వాక్యం. "అమ్మకాలు లేకపోవడం" జ్వరం ఉందని చెప్పడమే, అది ఏ జ్వరమో చెప్పలేదు. ఎవరు, ఎప్పటిలోగా, దేని మధ్య ఎంచుకోవాలో ఆ వాక్యంలో ఉండాలి.

కాఫీ_కప్పు
509ని రెండున్నర లక్షల పక్కన పెట్టి చూడండి. నెలకు సుమారు 20,800 కార్లు చేయగల ఫ్యాక్టరీ. 509 అంటే రెండున్నర శాతం లోపు. "ఆశించిన స్థాయిలో లేకపోవడం" అన్న మాటకు ఇంత బలం లేదు.

ఎర్రసిరా
@కాఫీ_కప్పు అవును, విశ్లేషణ అక్కడే మొదలవుతుంది. కేసులో ఒక పేజీలో 509 ఉంది, ఇంకో పేజీలో రెండున్నర లక్షలుంది. వాటిని పక్కపక్కన పెట్టడం కేసు చేయలేదు, చదివినవాళ్లు చేయాలి. ఒక జాగ్రత్త మాత్రం: అది కంపెనీ ఒక్క నెలలో చెప్పిన అమ్మకాల అంకె. నెల ముందు డీలర్ల దగ్గర ఎంత సరుకు మిగిలిందో తెలియకుండా, వినియోగదారులు అంతే కొన్నారని రాయకూడదు.

మార్కుల_మాధవ్
ఇదంతా బాగానే ఉంది. కానీ టెంప్లేట్‌లో స్వాట్ తప్పనిసరి అన్నారు. దాన్ని వదిలేసి లెక్కలు రాస్తే మార్కులు పోతాయి.

ఎర్రసిరా
వదలమని ఎవరన్నారు? టెంప్లేట్ అడిగితే పెట్టాల్సిందే, ఆ మాటలో మీరు చెప్పింది సరైనదే. నానో రిపోర్టుల్లో నాకు కనిపించే స్వాట్ ఎలా ఉంటుందంటే, బలాలు: టాటా బ్రాండు. బలహీనతలు: చవక అన్న పేరు. అవకాశాలు: పెరుగుతున్న మధ్యతరగతి. ముప్పులు: పోటీ. ఇందులో నానో పేరు తీసి ఏ టాటా వస్తువు పేరు పెట్టినా చెల్లుతుంది. నేను చేసే పరీక్ష ఒకటే. స్వాట్‌లో ఒక అంశం కొట్టేసి సిఫార్సు చదువుతాను. సిఫార్సులో ఏమీ కదలకపోతే ఆ అంశం అక్కడ ఉండాల్సిన పని లేదు. మూడు నమూనాలు పెట్టిన రిపోర్టుల్లో ఈ పరీక్షకు నిలిచే అంశాలు మూడో నాలుగో ఉంటాయి. మార్కులు వచ్చాయంటే ఆ దిద్దినాయన అలా కొట్టేసి చూడలేదన్నమాట.

మార్కుల_మాధవ్
ఆ దిద్దినాయనే నాకు దొరికాడు, అదృష్టం!

లీడ్స్_లలిత
మా దగ్గర, యూకేలో, టెంప్లేట్ ఇంకా చిన్నది. నమూనాల పేర్లే అడగరు. కానీ ఫీడ్‌బ్యాక్ మాత్రం అచ్చం ఇదే: "వర్ణన ఎక్కువ, విమర్శ తక్కువ". నాకు ఉపయోగపడిన పద్ధతి చెబుతాను. ప్రతి పేరా చివర "అయితే ఏమిటి?" అని పెన్సిలుతో రాసుకుంటాను. జవాబు పేరాలో లేకపోతే ఆ పేరా నేపథ్యానికి చెందినదే. సగం పేరాలు అలా వెనక్కి వెళ్లిపోతాయి.

నైట్‌షిఫ్ట్_ఎంబీఏ
ఒక ఉదాహరణ చూపిస్తారా? కేసులో బుకింగుల గురించి ఒక పేరా ఉంది. 2009 ఏప్రిల్‌లో రెండు లక్షలకు పైగా బుకింగులు, అందులో 70 శాతం బ్యాంకు అప్పులతో, మోడళ్లవారీగా ఎల్‌ఎక్స్ సగం, సీఎక్స్ 30 శాతం, మామూలు మోడల్ 20 శాతం. నేను "నానోకు విపరీతమైన స్పందన లభించింది" అని రాశాను.

ఎర్రసిరా
ఈ ఒక్క పేరాలోనే మీ రిపోర్టు సగం ఉంది. నానో లక్ష రూపాయల కారుగా ప్రచారమైంది. కానీ బుక్ చేసినవాళ్లలో ఐదో వంతు మందే అన్నిటికన్నా చవకైన మోడల్ అడిగారు. సగం మంది అన్నిటికన్నా ఖరీదైనది అడిగారు. అంటే కొనడానికి ముందుకొచ్చినవాళ్లు "చవక"ను కొనడం లేదేమో అన్న అనుమానం రావాలి. ఆ అనుమానం నిజమైతే ధర ఇంకా తగ్గించడం మందు కాదు. చూడండి, ఒక ప్రత్యామ్నాయం విశ్లేషణ దగ్గరే బలహీనపడింది.

బెజవాడ_బుల్లోడు
ఒక్క నిమిషం సార్. ఎల్‌ఎక్స్, సీఎక్స్ రెండింట్లోనూ ఏసీ ఉంది, మామూలు దాంట్లో లేదు. మే నెలలో మా ఊళ్లో ఏసీ లేని చిన్న కారులో కూర్చుంటే తెలుస్తుంది. 80 శాతం మంది ఏసీ అడిగారంటే హోదా కోసం అని ఎలా చెబుతారు? ఎండ కోసం కావచ్చు.

ఎర్రసిరా
చెప్పలేను. మీ అభ్యంతరం సరైనది. హోదా అన్న మాట నేను వాడలేదు కానీ ఆ దారిలోనే వెళ్తున్నాను. రిపోర్టులో రెండు వివరణలూ పెట్టాలి. అయినా ఒక సంగతి నిలుస్తుంది: హోదా కోసమైనా, చల్లదనం కోసమైనా, వాళ్లు లక్ష కన్నా ఎక్కువ పెట్టడానికి సిద్ధపడ్డారు. ధర కోత గురించిన వాదనకు అంత చాలు. అంతకు మించి చెబితే కేసు మోయదు.

బెజవాడ_బుల్లోడు
అయితే సరే. మా బావ మామూలు మోడల్ కొని మూడు వేసవులు తువ్వాలుతో నడిపాడు, ఆ బాధ నాకు తెలుసు.

పాలకేంద్రం_ప్రసాద్
నాది కొంచెం వేరే కష్టం. మేం కేసు కొనుక్కోలేదు, దగ్గర్లోని ఒక పాల డెయిరీకి వెళ్లి మేమే రాయాలి. టెంప్లేట్ మాత్రం ఇదే. వాళ్లు లాభనష్టాలు చెప్పరు, చెప్పినా రాయవద్దంటారు. అంకెలు లేకుండా విశ్లేషణ ఎలా?

కాఫీ_కప్పు
@పాలకేంద్రం_ప్రసాద్ కంపెనీ పేరు మార్చి, అంకెలన్నిటినీ ఒకే సంఖ్యతో గుణించి రాయడానికి అనుమతి అడగండి. నిష్పత్తులు మారవు, వాళ్ల గుట్టు బయటపడదు. అలా మార్చామని రిపోర్టులో ఒక వాక్యం రాయాలి. ఒక్క అంకెను గుణించి ఇంకోదాన్ని వదిలేశారంటే మాత్రం అంతా పాడవుతుంది.

పాలకేంద్రం_ప్రసాద్
ఇది తోచలేదు. అడుగుతాను.

లెక్కల_మాస్టారు
నానోకి తిరిగి వద్దాం. 70 శాతం అప్పులతో బుక్ చేశారన్న మాటను అందరూ వదిలేశారు. నాకు అసలు తలుపు అదే అనిపిస్తోంది. కేసులో అప్పు షరతులు ఉన్నాయా?

నైట్‌షిఫ్ట్_ఎంబీఏ
లేవండి. బ్యాంకులు చిన్న పట్టణాల్లో అప్పు ఇవ్వడానికి వెనకాడాయి అని ఒక్క వాక్యం ఉంది.

లెక్కల_మాస్టారు
అయితే మనమే ఊహించుకుని లెక్క వేద్దాం, ఊహ అని స్పష్టంగా రాసి. రోడ్డు మీదకు వచ్చేసరికి కారు లక్షన్నర అనుకోండి. బైకు 45,000 అనుకోండి. బ్యాంకు 70 శాతం అప్పు ఇస్తే కొనేవాడు చేతి నుంచి 45,000 పెట్టాలి. అంటే కారు మొదటి చెల్లింపే ఒక బైకు మొత్తం ధర! అదే 90 శాతం అప్పు ఇస్తే చేతి నుంచి 15,000. మిగిలిన 1,35,000కు 12 శాతం వడ్డీతో ఐదేళ్లకు నెల వాయిదా 3,000 చుట్టూ వస్తుంది.

ఇప్పుడు బైకు కుటుంబానికి అడ్డం ఏది? ధర పట్టీ మీద పదివేలు తగ్గిస్తే 70 శాతం అప్పు మీద చేతి నుంచి పెట్టేది 3,000 తగ్గుతుంది. అప్పును 70 నుంచి 90కి పెంచితే 30,000 తగ్గుతుంది. ధర కోత వల్ల కంపెనీ ప్రతి కారు మీదా డబ్బు పోగొట్టుకుంటుంది. అప్పు విషయంలో ఖర్చు, ఎంతమంది ఎగ్గొడతారన్న దాని మీద ఆధారపడుతుంది.

ఎర్రసిరా
మాస్టారు గారి పోస్టును అలాగే విశ్లేషణలో పెట్టవద్దు, దిద్దేవాళ్లకూ ఇంటర్నెట్ ఉంటుంది. కానీ విశ్లేషణ అంటే ఏమిటని అడిగారు కదా, ఇదే. ప్రత్యామ్నాయాలను ఒకే కొలతతో, ఇక్కడ చేతి నుంచి పెట్టాల్సిన డబ్బుతో, పోల్చారు. ఊహలు ఎక్కడున్నాయో చెప్పారు. ఎగవేత తెలియదన్నది కూడా చెప్పారు.

ఇందులో లేనిది ఒకటుంది. కారు మంటల్లో చిక్కుకుంటుందేమో అని భయపడే కుటుంబానికి 90 శాతం కాదు, నూరు శాతం అప్పు ఇచ్చినా కొనదు. కాబట్టి భద్రత, అప్పు ఒకదానికొకటి పోటీ కావు. ఒకటి ముందు, ఒకటి వెనక. అమలు ప్రణాళిక అన్న శీర్షిక అందుకోసమే ఉంది. "మొదటి నెల ప్రకటనలు, రెండో నెల శిక్షణ" అని తేదీలు పేర్చడానికి కాదు.

మార్కుల_మాధవ్
ప్రత్యామ్నాయాలకు పట్టిక వేసి, ఒక్కో ప్రమాణానికి ఐదుకు ఇన్ని అని మార్కులు ఇచ్చి కూడితే ఇదంతా ఒక్క చూపులో తేలిపోతుంది. నేను అలాగే చేస్తాను.

లెక్కల_మాస్టారు
@మార్కుల_మాధవ్ పట్టిక మంచిదే. కానీ అప్పు సదుపాయానికి 4, ధర కోతకు 2 అని వేసినప్పుడు ఆ 4 ఎక్కడి నుంచి వచ్చింది? చాలామంది ముందు సిఫార్సు తేల్చుకుని, అది గెలిచేలా అంకెలు వేస్తారు. ప్రమాణాల బరువులు కాస్త మార్చి మళ్లీ కూడండి. గెలిచేది మారిపోతే, మీ పట్టిక ఏమీ తేల్చలేదని అర్థం. మారకపోతే ఆ మాట కూడా రాయండి, దానికే మార్కులు ఇస్తారు.

మార్కుల_మాధవ్
సరే, అలా ఎప్పుడూ మార్చి చూడలేదు. ఒకసారి చూస్తాను. అయినా మీరందరూ ఒక నానో రిపోర్టుకు ఇంత కష్టపడుతున్నారంటే టాటావాళ్లు అప్పట్లో పిలవాల్సింది మిమ్మల్నే.

నైట్‌షిఫ్ట్_ఎంబీఏ
ఇప్పుడు ముగింపు సంగతి. నేను రాసింది: నానో 2018లో ఆగిపోయింది, చవక అన్న ముద్రే దాన్ని ముంచింది, విద్యుత్ వాహనంగా తెస్తే మళ్లీ నిలబడవచ్చు. ఇదీ తప్పేనా?

లీడ్స్_లలిత
2010 డిసెంబరులో కూర్చున్న మనిషికి 2018 ఎలా తెలుస్తుంది?

బెజవాడ_బుల్లోడు
జాతకం చూపించుకుని ఉంటాడు.

ఎర్రసిరా
నానో కేసులో అందరూ జారే చోటు ఇదే. ఆ తర్వాత ఏమైందో మనకు తెలుసు కాబట్టి, ఓడిపోతుందని ముందే తేల్చేసి వెనక్కి నడుస్తారు. "చవక ముద్ర ముంచింది" అన్నది తర్వాతి మాట, రతన్ టాటాయే తర్వాత ఆ అర్థం వచ్చేలా మాట్లాడారు. కానీ మీ కేసులోని ఆధారాలతో 2010 డిసెంబరులో అంత గట్టిగా చెప్పగలరా? బుకింగుల మోడళ్ల వాటా ఒక్కటే దొరుకుతుంది, దానికి కూడా ఏసీ అభ్యంతరం ఉంది.

ముగింపులో కొత్త విషయం రాకూడదు. విద్యుత్ వాహనం అక్కడే పుట్టింది, విశ్లేషణలో లేదు. మీ సమస్య వాక్యం ఒక ప్రశ్న అయితే ముగింపు దానికి జవాబు, ఆ జవాబు ఎంతవరకు నమ్మదగినదో, ఏది తెలిస్తే అది మారిపోతుందో. నా లెక్కలో 150 పదాలు ఎక్కువే.

కాఫీ_కప్పు
నేను ఇక్కడ ఒప్పుకోను. మా ప్రొఫెసరు తర్వాత ఏం జరిగిందో తప్పకుండా రాయమనేవారు. కంపెనీ నిజంగానే ఆ డిసెంబరులో వారంటీని నాలుగేళ్లకు పెంచింది, 90 శాతం దాకా అప్పు ఏర్పాటు చేసింది. అమ్మకాలు లేచాయి. 2011-12లో 74,527 కార్లు, అదే అత్యధికం. మన సిఫార్సు నిజంలో ఎంతవరకు నడిచిందో చూడకపోతే నేర్చుకున్నది ఏమిటి?

లెక్కల_మాస్టారు
అత్యధికమైన ఏడాది కూడా రెండున్నర లక్షల్లో ముప్పై శాతం. అప్పు తలుపు తెరిచినా లోపలికి వచ్చినవాళ్లు ఇంతే. అంటే నా లెక్క చూపించిన అడ్డం ఒకటి మాత్రమే, ఇంకోటి ఉంది. అది ముద్రా, భద్రతా, సెకండ్‌హ్యాండ్ మారుతీయా అన్నది ఈ అంకె చెప్పదు.

ఎర్రసిరా
@కాఫీ_కప్పు విడిగా, "తదనంతరం" అని పేరు పెట్టి రాస్తే నాకు అభ్యంతరం లేదు. విశ్లేషణలోకి దాన్ని దొంగచాటుగా తెస్తేనే సున్నా వేస్తాను. కొందరు అలా విడిగా రాసినా ఒప్పుకోరు. ఈ రిపోర్టు దిద్దేవారిని అడగడమే మార్గం.

నైట్‌షిఫ్ట్_ఎంబీఏ
సమస్య వాక్యం మళ్లీ రాశాను: "2010 డిసెంబరులో సానంద్ ఫ్యాక్టరీ దాదాపు ఖాళీగా ఉన్న స్థితిలో, ద్విచక్ర వాహన కుటుంబాలను కారు కొనేలా చేయడానికి టాటా మోటార్స్ ముందుగా భద్రతపై భరోసాకు, అప్పు సదుపాయానికి, ధర తగ్గింపుకు, వీటిలో దేనికి డబ్బు పెట్టాలి?"

లీడ్స్_లలిత
ముందుదానికన్నా చాలా మేలు. ద్విచక్ర వాహన కుటుంబాలే కొనాలని మీరు ఎందుకు అనుకున్నారు? బుక్ చేసినవాళ్లలో ఎంతమందికి అప్పటికే కారుందో కేసులో ఉందా?

నైట్‌షిఫ్ట్_ఎంబీఏ
లేదు. కంపెనీ ఉద్దేశం అదని మాత్రం ఉంది.

ఎర్రసిరా
అయితే "కంపెనీ ఉద్దేశించిన" అన్న రెండు మాటలు ముందు చేర్చండి. ఆ ఉద్దేశం సరైనదేనా అన్నది విశ్లేషణలో ఒక పేరా. వాక్యం కూడా కొంచెం పొడుగు. "దాదాపు ఖాళీగా" తీసేసి అంకె పెట్టండి.

పాలకేంద్రం_ప్రసాద్
డెయిరీ మేనేజరును అడిగాను. గుణించి రాసుకోండి, కానీ పాల సేకరణ ధర మాత్రం అసలు వద్దన్నారు. అది లేకుండా ఏం రాయాలో చూడాలి.

నైట్‌షిఫ్ట్_ఎంబీఏ
మాస్టారు గారి తరహా అప్పు లెక్కను నా సొంత అంకెలతో అనుబంధంలో పెడదామనుకుంటున్నాను. అనుబంధం 3000 పదాల్లోకి వస్తుందా?

కాఫీ_కప్పు
మా దగ్గర రాదు. కానీ లెక్క మొత్తం అక్కడ దాచేసి విశ్లేషణలో "అనుబంధం చూడండి" అంటే ఎవరూ చూడరు. ఫలితం, ఊహలు పైన, కూడికలు కింద.

ఎర్రసిరా
నేను చూస్తాను. కానీ నాలాంటివాళ్లు తక్కువ, కాఫీ_కప్పు చెప్పినట్టే చేయండి.